వాట్సాప్‌లో కాంట్రాక్టరును పని అడగడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నెల్లూరులో ఇళ్ల వైరింగ్ కాంట్రాక్టులు చేస్తుంటాను. ఐటీఐ పాసైన పిల్లలు, ఇంకో మేస్త్రీ దగ్గర మానేసిన హెల్పర్లు వాట్సాప్‌లో పని అడుగుతూ ఉంటారు. వాటిలో చాలా మెసేజ్‌లకు నేను జవాబు ఇవ్వలేకపోయాను. పిల్లలు పనికిరాని వాళ్లని కాదు. నిర్ణయం తీసుకోవడానికి కావలసిన విషయం ఆ మెసేజ్‌లో లేక. ఎదురుపడినప్పుడు వాళ్లు నన్ను అడిగేవే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా కరెంటు పనివే, ఎందుకంటే నాకు తెలిసింది అదే.

మెసేజ్ ఎందుకు? నేరుగా ఫోన్ చేస్తే పోదా?

చేయొచ్చు. కానీ పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా నేను నిచ్చెన మీద ఉంటాను, లేకపోతే గోడకు గాడి కొట్టే కట్టర్ పక్కన ఉంటాను. తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే కట్ చేస్తాను. సాయంత్రానికి ఆ నంబర్ ఎవరిదో గుర్తుండదు. మెసేజ్ అయితే అక్కడే ఉంటుంది, భోజనాల టైములో చూస్తాను. ముందు మెసేజ్ పెట్టి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి "అన్నా, మధ్యాహ్నం మెసేజ్ పెట్టింది నేనే" అంటే మాట సులువుగా మొదలవుతుంది.

కాంట్రాక్టరు ముందుగా ఏం చూస్తాడు?

ఇది బాగా అర్థం చేసుకుంటే మిగతావన్నీ తేలిక. నా ఫోన్ సిమెంటు బస్తాల మీదో, బండి ట్యాంక్ కవర్‌లోనో ఉంటుంది. చేతులకు దుమ్ము. స్క్రీన్ వెలిగినప్పుడు కనిపించేది మీ నంబర్, దాని కింద మెసేజ్‌లో మొదటి ఒకటి రెండు లైన్లు, అంతే. అక్కడ "హాయ్ సార్" అని మాత్రమే ఉంటే నాకు మీ గురించి ఏమీ తెలియదు. ఇన్సూరెన్స్ వాళ్లు, ప్లాట్లు అమ్మేవాళ్లు కూడా అలాగే మొదలుపెడతారు. తెరవకుండా ఫోన్ పక్కన పెట్టేస్తాను.

ఆ సమయంలో నా తల నిండా ఒకటే లెక్క ఉంటుంది. రేపు మాగుంట లేఅవుట్ సైటులో స్లాబు పోస్తున్నారు, తెల్లారేసరికి పైపులు అయిపోవాలి. పొదలకూరు రోడ్డు ఇంట్లో వైర్లు లాగాలి. ఉన్నది నలుగురు, ఒకడికి జ్వరం. కాబట్టి మీ మెసేజ్ చదివేటప్పుడు నేను వెతికేది ఒక్కటే: ఇతన్ని రేపు ఏ సైటుకు పంపొచ్చు? ఏ పని మీ చేత్తో చేశారు, ఎక్కడినుంచి వస్తారు, ఎప్పటినుంచి రాగలరు, మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరు. ఇవి ఉంటే జవాబు చెప్పగలను. ఇవి లేకుండా పది లైన్లు రాసినా ఏమీ చెప్పలేను.

ఒక మెసేజ్ రాసి చూపిస్తారా?

కోవూరు నుంచి ఒక కుర్రాడు నాకు పెట్టిన మెసేజ్‌లే తీసుకుందాం. తర్వాత మా దగ్గరే చేరాడు, ఇవి రాయడానికి ఒప్పుకున్నాడు కూడా. మొదటి రోజు రాత్రి పదకొండు దాటాక "హాయ్ సార్" అని వచ్చింది. మర్నాడు పొద్దున గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ బొమ్మ. మధ్యాహ్నం "సార్ జాబ్ ఉందా". రెండు రోజుల తర్వాత "ఏదైనా జాబ్ ఉంటే చెప్పండి ప్లీజ్, చాలా అవసరం", దాంతోపాటు డీటీపీ సెంటర్లో చేయించిన రెండు పేజీల బయోడేటా. అందులో పైన ఇంగ్లీషులో, పెద్ద సంస్థలో చేరి ఎదగాలన్నది తన ధ్యేయం అని ఉంది. అతను ఎనిమిది నెలలు వైరింగ్‌లో చేశాడన్న సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు! ఎందుకంటే డీటీపీ అతనికి చదువు గురించి తప్ప ఇంకేమీ అడగాలని తెలియదు.

ఆ కుర్రాడి దగ్గర ఉన్న విషయమే ఇలా రాసి ఉంటే నేను మొదటి రోజే పిలిచేవాణ్ణి:

> నమస్తే అన్నా, వైరింగ్ హెల్పర్ పని కోసం. నేను (పేరు), కోవూరు.
> ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాను. 8 నెలలు ఇళ్ల వైరింగ్‌లో చేశాను. స్లాబు పైపులు, గాడి కటింగ్, వైర్లు లాగడం సొంతంగా చేస్తాను. బోర్డులు పక్కన ఉండి బిగించాను. డీబీ ఇంకా చేయలేదు.
> బండి ఉంది, 8 గంటలకల్లా నెల్లూరులో ఏ సైటుకైనా వస్తాను. సోమవారం నుంచి రాగలను.
> వేదాయపాళెం సైటులో సెంట్రింగ్ మేస్త్రీ మీ నంబర్ ఇచ్చారు. సాయంత్రం వీలైతే ఫోన్ చేస్తానన్నా.

మొదటి లైను చూడండి. నమస్కారం, పని పేరు, మనిషి పేరు, ఊరు అన్నీ అందులోనే ఉన్నాయి. ఫోన్ తెరవకుండానే సంగతి తెలిసిపోతుంది. నమస్తే అని ఒక మెసేజ్, పేరు ఇంకో మెసేజ్, ఊరు మరో మెసేజ్‌గా పంపితే పైన కనిపించేది చివరిది మాత్రమే. అందుకే మొత్తం ఒకే మెసేజ్‌లో ఉండాలి.

రెండో పేరాలో పనులు మూడు మెట్లుగా ఉన్నాయి. సొంతంగా చేసేవి, పక్కన ఉండి చేసినవి, చేయనివి. నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చేది ఈ విడదీయడమే. స్లాబు పైపులు సొంతంగా వేస్తాడంటే రేపటి స్లాబుకు మనిషి దొరికినట్టే. డీబీ చేయలేదని చెప్పాడు కాబట్టి అతన్ని డీబీ దగ్గర ఒంటరిగా వదలను. ఆ ఒక్క మాటకు నాకు అతని మీద నమ్మకం పెరుగుతుంది.

బండి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ కాదు. పెన్నా అవతలినుంచి వచ్చే మనిషి బస్సు మీద ఆధారపడితే కనుపర్తిపాడు సైటుకు ఎన్నింటికి చేరతాడో నేను లెక్క వేసుకోవాలి. బండి లేకపోతే దాచాల్సిన పనిలేదు. "బస్సులో ఆత్మకూరు బస్టాండుకు ఏడున్నరకు వస్తాను, అక్కడినుంచి ఎవరి బండి మీదైనా వస్తాను" అని రాయండి. ఆ దారిలో పోయే మావాడు ఒకడు ఎలాగూ ఉంటాడు, ఎక్కించుకుంటాడు.

చివర్లో సెంట్రింగ్ మేస్త్రీ మాట. నేను మొదట ఫోన్ చేసేది మీకు కాదు, ఆయనకు. "ఆ పిల్లోడు ఎట్టాంటోడు?" అని అడుగుతాను. అందుకే ఎవరి పేరైనా రాసేముందు వాళ్లకు ఒక మాట చెప్పి రాయండి. నంబర్ ఇచ్చిన మనిషే "ఎవరబ్బా, నాకు గుర్తు లేదే" అంటే మీ మెసేజ్ అక్కడితో ఆగిపోతుంది.

"అన్ని పనులు వచ్చు" అని రాస్తే తప్పేంటి? పని దొరికాక నేర్చుకోవచ్చు కదా?

నేర్చుకోవచ్చు, నేర్పేవాళ్లం కూడా. వచ్చిందని చెప్పాక మాత్రం ఎవరూ నేర్పరు, నేరుగా పని అప్పగిస్తారు. నాకు జరిగింది చెబుతాను.

ఒకతను డీబీ పని కూడా వచ్చని మెసేజ్‌లో రాశాడు. నేను ఫోన్లో గట్టిగా అడగకుండానే నమ్మాను, తప్పు నాది కూడా. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, డీబీ కనెక్షన్లు అతనికే అప్పజెప్పి వేరే సైటుకు పోయాను. గృహప్రవేశం రోజు ఒక బెడ్‌రూమ్‌లో ఫ్యాను వేస్తే చాలు, ఇల్లంతా కరెంటు పోతోంది. చుట్టాలందరూ వచ్చి ఉన్నారు, ఇంటాయన నా ముఖం వంకే చూస్తున్నాడు.

జరిగిందేమిటంటే, డీబీలో ఆర్‌సీసీబీ ఉంటుంది. ఫేజులో వెళ్లిన కరెంటు మొత్తం దాని గుండానే న్యూట్రల్‌లో తిరిగి రావాలి. ఇళ్లకు మామూలుగా పెట్టే రకంలో 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినా అది పడిపోతుంది. మనిషికి షాక్ కొట్టకుండా కాపాడేది ఈ ఏర్పాటే. అతను ఆ బెడ్‌రూమ్ న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీ తర్వాత ఉండే పట్టీకి కాకుండా, దానికి ముందున్న న్యూట్రల్‌లో కలిపాడు. ఫ్యాను తీసుకునే కరెంటు ఆర్‌సీసీబీ గుండా వెళ్లి, వేరే దారిలో తిరిగి వస్తోంది. అది పడిపోవడం న్యాయమే. అతను ఎంసీబీలు బిగించడం చాలాసార్లు చూశాడు, న్యూట్రల్స్ విడదీయడం ఎప్పుడూ చేయలేదు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఒక గంట పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాణ్ణి.

అప్పటినుంచి "అన్నీ వచ్చు" అన్న మెసేజ్ వస్తే నేను ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడుగుతాను. ఏసీ పాయింటుకు ఎంత వైరు లాగుతావు? మెట్ల లైటుకు టూ-వే కనెక్షన్ ఎట్లా ఇస్తావు? చేసినవాడు ఆలోచించకుండా "4 స్క్వేర్ లాగాం అన్నా" అంటాడు. టూ-వే గురించి రెండు స్విచ్‌ల మధ్య రెండు వైర్లు పోవాలని చేత్తో చూపిస్తున్నట్టు చెబుతాడు. చేయనివాడు "అదే అన్నా, మామూలుగా ఇచ్చేదే" అంటాడు. కాబట్టి మెసేజ్‌లో ఏ పని పేరు రాస్తే దాని మీద ఒక ప్రశ్న వస్తుందని అనుకునే రాయండి.

నాకు ఐటీఐ ఇప్పుడే అయింది. ఎక్స్‌పీరియన్స్ ఏమీ లేదు. ఏం రాయాలి?

లేదనే రాయండి, కానీ ఆ ఒక్క మాటతో ఆపకండి. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు చదివారు. ఆ రెండేళ్లలో ప్రాక్టికల్స్‌లో చేత్తో చేసినవి ఉంటాయి కదా. బోర్డు వైరింగ్, మోటారు స్టార్టర్ కనెక్షన్, ఎర్త్ పిట్, ఏవి చేస్తే అవి. మీ ఇంట్లోనో మేనమామ ఇంట్లోనో ఫ్యాను బిగించి ఉంటే, బోరు మోటారుకు స్టార్టర్ మార్చి ఉంటే అదీ రాయండి. "సైటు పని చేయలేదు. కాలేజీలో బోర్డు వైరింగ్, స్టార్టర్ కనెక్షన్ చేశాను. ఇంటి దగ్గర బోరు మోటారు స్టార్టర్ నేనే మార్చాను. హెల్పర్‌గా మొదలుపెడతాను" అంటే మీరు ఏ మెట్టు మీద ఉన్నారో నాకు తెలుస్తుంది. మార్కులు రాయక్కర్లేదు. నేను ఇప్పటిదాకా ఎవరినీ మార్కులు అడగలేదు.

ఒక్క జాగ్రత్త. కొత్తవాళ్లకు మొదటి నెల గాడి కొట్టడం, పైపులు మోయడం, మేకులు అందించడమే ఎక్కువ ఉంటుంది. ఐటీఐ చదివి ఇదేంది అని వారంలో మానేసేవాళ్లు ఉన్నారు. దానికి సిద్ధంగా ఉన్నారని ఒక మాట మెసేజ్‌లో ఉంటే కాంట్రాక్టరుకు సగం టెన్షన్ తగ్గుతుంది.

అన్నా అనాలా, సార్ అనాలా?

మన నెల్లూరు, ఒంగోలు వైపు మేస్త్రీలకు, చిన్న కాంట్రాక్టర్లకు అన్నా అంటే చాలు, అందులో గౌరవం ఉంది. వయసులో బాగా పెద్దాయన అయితే, లేదా ఇంజనీరు లైసెన్సు మీద కాంట్రాక్టులు తీసుకునే మనిషి అయితే సార్ అనండి. షాపు ఓనరుకు కూడా సార్ నప్పుతుంది. తెలియకపోతే సార్‌తో మొదలుపెట్టండి, అన్నా అని పిలిచే చనువు తర్వాత ఎలాగూ వస్తుంది. "బ్రో" మాత్రం వద్దు.

తెలుగులో రాయాలా? ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే తప్పా?

తప్పేమీ లేదు, చాలామంది అలాగే రాస్తారు, మేమూ చదువుతాం. అయితే ఇంగ్లీషు అక్షరాల్లో పొడవుగా రాసింది చదవడానికి నాకు రెట్టింపు టైము పడుతుంది. మా మేస్త్రీ అయితే అసలు చదవలేడు, కూతురికి చూపిస్తాడు. తెలుగు టైపింగ్ రాకపోతే కీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు గుర్తు నొక్కి మాట్లాడండి, అదే రాస్తుంది. పంపేముందు ఒకసారి చదువుకోండి. ఊరి పేర్లు, పనిముట్ల పేర్లు అది తప్పుగా రాస్తుంది. "గాడి కటింగ్" కాస్తా "గడి కటింగ్" అవుతుంది.

తప్పు రాసి పంపేశాను. డిలీట్ చేయనా?

వద్దు. డిలీట్ చేస్తే ఇక్కడ ఏదో మెసేజ్ తీసేశారన్న గుర్తు మిగులుతుంది, ఏం రాసి ఉంటాడా అనిపిస్తుంది. పంపిన 15 నిమిషాల లోపు అయితే మెసేజ్‌ను నొక్కి పట్టుకుని ఎడిట్ చేయొచ్చు. టైము దాటితే కింద సరిదిద్ది ఒక లైను పెట్టండి.

ఏ టైముకు పంపితే మంచిది?

పొద్దున ఆరున్నర, ఎనిమిది మధ్య పంపకండి. ఎవరెవరు ఏ సైటుకు పోవాలో ఫోన్ల మీద చెప్పే టైము అది. మీ మెసేజ్ ఆ హడావుడిలో కిందికి పోతుంది. మధ్యాహ్నం ఒంటిగంట, రెండు మధ్య భోజనాల దగ్గర తీరిక ఉంటుంది. సాయంత్రం ఏడు తర్వాత కూడా మంచిదే, మర్నాటి మనుషుల లెక్క చూసుకునేది అప్పుడే. శనివారం సాయంత్రం వారం బట్వాడా ఇచ్చే చోట ఆ గంటల్లో కాంట్రాక్టరుకు డబ్బు సర్దుబాటు తప్ప ఇంకో ధ్యాస ఉండదు. నన్నడిగితే ఆదివారం సాయంత్రం అన్నిటికంటే మేలు. సోమవారం పొద్దునకు మనిషి తక్కువయ్యాడని తెలిసేది ఆ పూటే.

కూలీ ఎంత కావాలో మొదటి మెసేజ్‌లోనే రాయాలా?

నేనైతే వద్దంటాను. మీ పని చూడకముందు మీరు రాసిన అంకె నాకు ఎక్కువో తక్కువో అనిపిస్తుంది, అక్కడే తెగిపోతుంది. కానీ నేను అడిగినప్పుడు "మీ ఇష్టం అన్నా" అనొద్దు. అలా అన్నవాళ్లు వారం తర్వాత ముఖం మాడ్చుకుని మానేయడం చూశాను. వాళ్లదీ తప్పు కాదు, అడగాల్సినప్పుడు అడగలేకపోయారు. "ఇంతకుముందు చోట రోజుకు 600 ఇచ్చారు, మీ దగ్గర పని చూసి దానికి తగ్గకుండా ఇవ్వండి" అని చెప్పండి. నిజంగా ఇచ్చిన అంకే చెప్పండి. నెల్లూరులో వైరింగ్ చేసేవాళ్లం ఒకరినొకరం ఎరుగుదుం, ఒక్క ఫోన్‌తో తెలిసిపోతుంది.

పాయింట్ల లెక్కన ఇస్తారా, రోజు కూలీనా అన్నది కూడా మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. కొత్తవాడికి పాయింట్ల లెక్క నష్టం. చెయ్యి తిరిగేదాకా రోజుకు పూర్తయ్యే పాయింట్లు తక్కువ.

వాయిస్ మెసేజ్ పంపొచ్చా?

చదువు పెద్దగా లేనివాళ్లకు అది మంచి దారే. కానీ కట్టర్ మోతలో నాకు వినిపించదు, తర్వాత విందామనుకుని మర్చిపోతాను. వాయిస్ పంపితే పైన ఒక లైను రాత కూడా పెట్టండి: "వైరింగ్ హెల్పర్ పని కోసం, కోవూరు, (పేరు)". వాయిస్ అర నిమిషం దాటనివ్వకండి.

సర్టిఫికెట్లు, ఆధార్, ఫొటోలు మొదటే పంపాలా?

ఐటీఐ సర్టిఫికెట్ అడిగితే పంపండి. ఆధార్ మాత్రం మొదటి మెసేజ్‌తో ఎవరికీ పంపొద్దు, నాకైనా సరే. పనిలో చేరి, గేటు పాస్ లాంటి దానికి అవసరమైనప్పుడు ఇవ్వొచ్చు. అప్పుడు కూడా చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఆధార్ వెబ్‌సైటులోనే దొరుకుతుంది, చాలా చోట్ల అది సరిపోతుంది.

పంపదగ్గది ఒకటుంది, పని ఫొటో. మీరు లాగిన వైర్లు బోర్డు పెట్టెలో ఎలా మడిచి ఉన్నాయో, స్లాబు కంబీ మధ్య పైపులు ఎలా కట్టారో ఒకటి రెండు ఫొటోలు. స్లాబు పైపుల ఫొటోలో నేను చూసేది వంపులు. పైపు వంపు దగ్గర నలిగి ఉంటే తర్వాత వైరు పోదు. ఫ్యాను బాక్సు మూత గట్టిగా మూసి ఉందా, లేకపోతే కాంక్రీటు లోపలికి దిగుతుంది. ఈ రెండూ బాగుంటే మనిషి చేతిలో పని ఉందని తెలుస్తుంది. ఎవరి దగ్గరో దొరికిన ఫొటో పంపితే పైన ఫార్వర్డ్ గుర్తు కనిపిస్తుంది. గుర్తు లేకపోయినా ఆ సైటు ఎక్కడిది, ఎవరి ఇల్లు అని అడుగుతాం.

మీ ప్రొఫైల్ ఫొటో సంగతి కూడా చూసుకోండి. సెట్టింగ్స్‌లో ఫొటో కాంటాక్టులకు మాత్రమే అని ఉంటే నాకు బూడిద రంగు బొమ్మే కనిపిస్తుంది. మగపిల్లలు పని వెతికే రోజుల్లో అందరికీ కనిపించేలా మార్చుకుని, ముఖం కనిపించే మామూలు ఫొటో పెట్టుకుంటే మంచిది. హీరో బొమ్మ ఉంటే మనిషి ఎవరో తెలియదు.

బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. మళ్లీ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. చూసి ఊరుకున్నారంటే వద్దన్నట్టు కాదు, ఆ రోజుకు మనిషి అవసరం లేదనే ఎక్కువసార్లు. మూడు నాలుగు రోజులు ఆగి, పాత మెసేజ్‌కే రిప్లైగా ఒక లైను పెట్టండి: "అన్నా, ఇంకా ఖాళీగానే ఉన్నాను, మీకు స్లాబు పని ఉన్నప్పుడు ఒక్క రోజుకైనా పిలవండి." రిప్లైగా పెడితే పాతది వెతుక్కునే పని నాకు ఉండదు. ఆ "ఒక్క రోజుకైనా" అన్న మాట చాలా పనిచేస్తుంది. స్లాబు ముందురోజు మాకు ఎప్పుడూ మనుషులు తక్కువే, అలా వచ్చి నిలబడిపోయినవాళ్లు మా దగ్గర ఇద్దరు ఉన్నారు. రెండోసారికీ జవాబు లేకపోతే ఇంకో కాంట్రాక్టరును చూసుకోండి. రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పెడితే నంబర్ మ్యూట్‌లోకి పోతుంది, తర్వాత అసలు మెసేజ్ పెట్టినా కనిపించదు.

పని ఇస్తాం, ముందు యూనిఫాంకో రిజిస్ట్రేషన్‌కో డబ్బు కట్టమంటున్నారు. కట్టాలా?

కట్టొద్దు. మా పనిలో చేరడానికి ఎవరూ డబ్బు అడగరు. టెస్టర్, కటింగ్ ప్లయర్ మీవి తెచ్చుకోమంటాం, అంతవరకే. పోర్టు పేరు, పెద్ద కంపెనీ పేరు చెప్పి డబ్బు వేయమంటే ఆ నంబర్ బ్లాక్ చేసేయండి. అప్పటికే వేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబర్‌కు ఫోన్ చేసి చెప్పండి.

మా చెల్లెలు ఎలక్ట్రికల్ షాపులో బిల్లింగ్ పనికి అడగాలనుకుంటోంది. ఆమె కూడా ఇలాగే రాయాలా?

పద్ధతి అదే. పని పేరు, ఊరు, ట్యాలీ వచ్చా, ఇంతకుముందు ఎక్కడ చేసింది, పొద్దున ఎన్నింటికి రాగలదు. దీంతోపాటు సాయంత్రం ఎన్ని గంటలదాకా ఉండగలదో మొదటే రాయడం మంచిది, షాపులు రాత్రి తొమ్మిది దాకా ఉంటాయి కాబట్టి. ఫొటో పంపక్కర్లేదు, ప్రొఫైల్ ఫొటో కూడా దాచే ఉంచుకోవచ్చు. షాపు ఎక్కడో అడిగి, పగటిపూట ఇంట్లోవాళ్లెవరితోనైనా కలిసి వెళ్లి మాట్లాడమనండి. పని గురించి కాకుండా వేరే మాటలు మొదలుపెట్టే నంబర్‌కు జవాబే ఇవ్వొద్దు.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీకో, రొయ్యల గుంటలకో అడగాలంటే?

మొదటి లైను అలాగే ఉంటుంది, మిగతాది మారుతుంది. గ్రానైట్‌లో యంత్రం పేరు రాయాలి: కటింగ్ మెషీనా, పాలిషింగా, క్రేనా. రాత్రి షిఫ్టు చేస్తారా, రూము కావాలా అన్నవి తప్పనిసరి. రొయ్యల గుంటల దగ్గర అయితే రాత్రి కాపలా ఉండగలరా అన్నదే పెద్ద ప్రశ్న. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే వెంటనే జనరేటర్ వేయగలిగే మనిషి కావాలి వాళ్లకు, ఆలస్యమైతే ఆక్సిజన్ అందక రొయ్య చచ్చిపోతుంది. జనరేటర్ నడపడం, మోటారు కనెక్షన్ తెలిసినవాళ్లు ఆ సంగతి మొదటి లైనులోనే రాయండి.

"రేపు రా" అని జవాబు వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

"సరే అన్నా" అని ఆపేయకండి. సైటు లొకేషన్ పంపమనండి, ఎన్ని గంటలకు, ఏం పనిముట్లు తేవాలి, అక్కడ ఎవరిని కలవాలి అని అడగండి. "రేపు 8కి మాగుంట లేఅవుట్ సైటుకు వస్తాను అన్నా, ప్లయర్, టెస్టర్ తెస్తాను" అని తిరిగి రాస్తే ఇద్దరికీ ఒకే మాట ఉంటుంది. మొదటి రోజు కూలీ ఇస్తారా, ట్రయలా అన్నది కూడా అప్పుడే అడగండి. మా దగ్గర మొదటి రోజుకు కూడా ఇస్తాం, కొన్ని చోట్ల ఇవ్వరు. సాయంత్రం తెలుసుకుని బాధపడే కంటే రాత్రే తెలియడం మంచిది.

పొద్దున ఏదైనా అడ్డం వచ్చి రాలేకపోతే ఏడు లోపు ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. ఆ గంటలో మేం మెసేజ్‌లు చూడం, మీ కోసం ఒక స్లాబు ఆగి ఉంటుంది.

ఇంకో సంగతి. పని దొరికాక, మీరు మెసేజ్ పెట్టిన మిగతా కాంట్రాక్టర్లకు కూడా "నాకు పని దొరికింది అన్నా, చూసినందుకు థాంక్స్" అని ఒక లైను పెట్టండి. కోవూరు కుర్రాడు అలా పెట్టిన ఒక కాంట్రాక్టరే మొన్న నాకు ఫోన్ చేశాడు. తన దగ్గర ఒక ఇన్వర్టర్ పని ఉందట, ఆదివారం అతన్ని పంపగలనా అని అడిగాడు.